పాత కంపెనీ, కొత్త వ్యాపారం: స్థాపన సంవత్సరంపై అపోహలు - వాస్తవాలు

పెద్ద ఒప్పందాలు కుదుర్చుకునే ముందు అవతలి కంపెనీ రిజిస్ట్రేషన్ కాగితాలు తీసి, చదివి, రిపోర్టు రాసివ్వడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "వెబ్‌సైట్‌లో వేసుకున్న సంవత్సరం, రిజిస్ట్రీలో ఉన్న సంవత్సరం ఒకటేనా?" ఒకటే అని తెలిస్తే నిశ్చింతగా సంతకం పెట్టేస్తారు. తేడా ఉంటే మోసమని తేల్చేస్తారు. ఈ రెండు తీర్పులూ తప్పిన సందర్భాలు చాలా చూశాను.

అపోహ: రిజిస్ట్రీలో తేదీ సరిపోయింది కాబట్టి ప్రకటన నిజమే.

నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ అపోహే. తేదీ సరిపోగానే ఇంకేమీ చూడరు.

ఒక క్లయింట్ తన ప్లాంట్‌లో నీటి శుద్ధి యంత్రాల నిర్వహణను పదిహేనేళ్ల పాటు ఒక కంపెనీకి అప్పగించాలనుకున్నారు. కనీసం ఇరవై ఏళ్ల అనుభవం ఉండాలని షరతు పెట్టారు. ఆ కంపెనీ బ్రోషర్ మీద "1994 నుంచి నీటి శుద్ధి రంగంలో" అని ఉంది. రిజిస్ట్రీలో చూస్తే కంపెనీ ఏర్పడినట్టు ఇచ్చే ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్ కూడా 1994 నాటిదే. క్లయింట్ అక్కడితో ఆగిపోయేవారే. నేను మాత్రం ఎప్పటిలాగే ఫైలింగ్స్‌ను, అంటే కంపెనీ రిజిస్ట్రీలో దాఖలు చేసిన కాగితాలను, పాతవాటి నుంచి మొదలుపెట్టి వరుసగా చదివాను. కొత్తవి ముందు చదివితే ఇప్పటి పేరు, ఇప్పటి పని మనసులో నాటుకుపోతాయి. పాత కాగితాల్లో కూడా అవే కనిపిస్తున్నట్టు అనిపిస్తుంది.

1994లో ఆ కంపెనీ పేరు వేరు. పేరు చివర "ట్రేడింగ్" అని ఉంది. కంపెనీ ఏ పనుల కోసం ఏర్పడిందో చెప్పే పత్రం మెమొరాండం, అందులో రాసుకున్న మొదటి ఉద్దేశం బట్టలు, నూలు కొని అమ్మడం. మొదటి ఆరేడేళ్ల లెక్కల్లో ఆదాయం కూడా బట్టల అమ్మకం నుంచే వచ్చింది. 2002 నుంచి అమ్మకాలు సున్నా. ఏటా ఒకే రకం లెక్కలు, ఒకే వాక్యం: ఈ ఏడాది కార్యకలాపాలేమీ లేవు. పద్నాలుగేళ్లు అలాగే నడిచింది.

2016లో అయిదు వారాల వ్యవధిలో అయిదు కాగితాలు దాఖలయ్యాయి. షేర్లన్నీ కొత్తవాళ్ల పేరు మీదికి మారాయి. పాత డైరెక్టర్లు ముగ్గురూ తప్పుకుని ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. రిజిస్టర్డ్ ఆఫీసు మారింది, కంపెనీ పేరు మారింది, చివరికి మెమొరాండంలో ఉద్దేశాలూ మారాయి. నీటి శుద్ధి మీద మొదటి ఆదాయం కనిపించింది 2017 లెక్కల్లో.

అంటే 1994 నుంచి ఉన్నది ఒక రిజిస్ట్రేషన్ నంబరు మాత్రమే. నీటి శుద్ధి వ్యాపారం 2016లో మొదలైంది. పని లేకుండా పడి ఉన్న కంపెనీని కొనుక్కోవడం చట్టవిరుద్ధమేమీ కాదు. అమ్మడం కోసమే ముందుగా రిజిస్టర్ చేసి పక్కన పెట్టే కంపెనీలూ ఉన్నాయి, వాటిని షెల్ఫ్ కంపెనీలంటారు. కొనేవాళ్లలో కొందరికి కావలసింది రిజిస్ట్రేషన్ ఫార్మాలిటీలు తప్పించుకోవడం. ఇంకొందరికి కావలసింది ఆ పాత తేదీ, ఎందుకంటే టెండర్లలో "ఇన్నేళ్లుగా ఉన్న కంపెనీ" అనే షరతు ఉంటుంది.

అందుకే నేను తేదీతో పాటు నాలుగు విషయాలు పక్కపక్కన పెట్టి చూస్తాను: పేరు, యజమానులు, ఉద్దేశం, ఆదాయం వచ్చిన పని. ఒక్కొక్కటి ఒక్కో కాలంలో మారితే అది మామూలు ఎదుగుదల. పిల్లలు తండ్రి వ్యాపారాన్ని మరో దారి పట్టించవచ్చు, పేరు తర్వాత ఎప్పుడో మార్చవచ్చు. నాలుగూ ఒకేసారి మారి, దానికి ముందు కొన్నేళ్లు ఖాళీ ఉంటే మాత్రం ఆ తేదీకి ముందున్నది వేరే వ్యాపారమనే నా అంచనా.

అయినా అంచనా మీద రిపోర్టు రాయకూడదు. ఆ కంపెనీకి ఒకే ప్రశ్న పంపాను: 2016కు ముందు నీటి శుద్ధి పనులు ఏ పేరు మీద చేశారు, వాటి ఇన్‌వాయిస్‌లు ఉన్నాయా? కొత్త యజమానులు అంతకుముందు సొంతంగా ఆ పని చేసి, తర్వాత ఈ కంపెనీలోకి తెచ్చి ఉండవచ్చు కదా. అదే నిజమైతే వాళ్ల అనుభవాన్ని కొట్టిపారేయడం అన్యాయం. జవాబు మర్యాదగానే వచ్చింది. డైరెక్టర్లలో ఒకరు 2005 నుంచి ఆ రంగంలో ఇంజినీరుగా ఉద్యోగం చేశారట. అది ఆయన అనుభవం, గౌరవించాల్సిందే. కానీ కంపెనీ అనుభవం కాదు.

అపోహ: రిజిస్ట్రీ తేదీ కంటే ముందు సంవత్సరం వేసుకుంటే అబద్ధం చెబుతున్నట్టే.

వ్యాపారం ముందు పుట్టి, కంపెనీ తర్వాత పుట్టడం చాలా మామూలు విషయం. నింటెండోనే చూడండి. క్యోటోలో ఫుసజిరో యమౌచి హనఫుడా అనే పేకముక్కలు తయారు చేయడం మొదలుపెట్టింది 1889లో. 1933లో అది భాగస్వామ్య సంస్థ అయింది. ఇప్పటి కంపెనీకి మూలమైన కంపెనీ 1947లో మారుఫుకు అనే పేరుతో ఏర్పడింది, 1951లో నింటెండో ప్లేయింగ్ కార్డ్ కంపెనీ అయింది, 1963లో ఇప్పటి పేరు వచ్చింది. రిజిస్ట్రేషన్ 1947 కదా అని 1889 అబద్ధమనలేం. అదే కుటుంబం, అదే సరుకు, మధ్యలో తెగని వ్యాపారం. అలాగని "1889 నుంచి వీడియో గేమ్‌లు" అని ఎవరైనా అంటే అది తప్పు. కంపెనీ తన చరిత్రలో పేకముక్కల సంగతి తానే చెబుతుంది, కాబట్టి ఇక్కడ ఎలాంటి చిక్కూ లేదు.

తేదీ వెనక్కే కాదు, ముందుకూ జరుగుతుంది. గూగుల్ 1998 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలో ఇన్‌కార్పొరేట్ అయింది, 2003లో అమెరికాలోని మరో రాష్ట్రమైన డెలావేర్‌కు మారింది. డెలావేర్ రికార్డు ఒక్కటే చూసినవాళ్లకు 1998 దొరకదు. వేరే కంపెనీల షేర్లు తన చేతిలో పెట్టుకునే హోల్డింగ్ కంపెనీలు పెట్టినప్పుడూ ఇంతే. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ 2015లో ఏర్పడింది, దాని కింద ఉన్న వ్యాపారం అప్పటికే పదిహేడేళ్లది.

వీటన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టేది పేర్ల మార్పిడి. ఒకే గ్రూపులోని రెండు కంపెనీలు ఒకే రోజున తమ పేర్లు మార్చుకోవచ్చు. పేరుతో వెతికితే కొత్త కంపెనీ తేదీ వస్తుంది, అసలు పని చేసిన పాత కంపెనీ ఇంకో పేరు మీద ఉంటుంది. పేరు మారినా రిజిస్ట్రేషన్ నంబరు మామూలుగా మారదు. కాబట్టి ఇన్‌వాయిస్ అడుగున, వెబ్‌సైట్ చివర ఉండే నంబరు పట్టుకుని వెతకాలి. బ్రిటన్ కంపెనీస్ హౌస్ లాంటి రిజిస్ట్రీల్లో పాత పేర్లు, అవి ఉన్న తేదీలు విడిగా కనిపిస్తాయి. ముందు చూడాల్సింది అదే.

అపోహ: మెమొరాండంలో రాసిన ఉద్దేశమే కంపెనీ మొదట చేసిన పని.

ఉద్దేశాల క్లాజ్ ఏం చేయవచ్చో చెబుతుంది, ఏం చేశారో చెప్పదు. పాత మెమొరాండాల్లో బ్యాంకింగ్ నుంచి గనుల దాకా పేజీల కొద్దీ ఉద్దేశాలు కనిపించి కొత్తవాళ్లు కంగారుపడతారు. దానికి ఒక కారణం ఉంది. 1875లో యాష్‌బరీ రైల్వే క్యారేజ్ కేసులో అప్పట్లో బ్రిటన్‌లో అత్యున్నత కోర్టుగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక తీర్పు ఇచ్చింది. రైలు పెట్టెలు, రైల్వే సామగ్రి తయారు చేయడం ఆ కంపెనీ ఉద్దేశం. అది బెల్జియంలో రైలు మార్గం నిర్మాణానికి ఒప్పందం చేసుకుంది. మెమొరాండంలో లేని పని కాబట్టి ఒప్పందం చెల్లదని, వాటాదారులంతా ఒప్పుకున్నా చెల్లదని కోర్టు తేల్చింది. అప్పటి నుంచి లాయర్లు జాగ్రత్తపడి తోచిన ప్రతి వ్యాపారాన్నీ జాబితాలో చేర్చడం మొదలుపెట్టారు. 1918లో కాట్‌మన్ వర్సెస్ బ్రౌఘమ్ కేసు వచ్చేసరికి, రబ్బరు తోటల కంపెనీ ఒక చమురు కంపెనీ షేర్లను అండర్‌రైట్ చేసినా, అంటే అమ్ముడుపోనివి తానే కొంటానని హామీ ఇచ్చినా, క్లాజ్ అంత విశాలంగా ఉంది కాబట్టి అది చెల్లింది.

కాబట్టి 1960ల నాటి మెమొరాండంలో "ఎలక్ట్రికల్ పరికరాలు" అనే మాట దొరికిందని, అప్పటి నుంచీ అదే పని చేస్తున్నామని ఎవరైనా చూపిస్తే నేను ఒప్పుకోను. ఆ మాట జాబితాలో మొదటిదా ముప్పయ్యోదా చూస్తాను. కంపెనీ ఎందుకు పుట్టిందో సాధారణంగా మొదటి ఒకటి రెండు క్లాజుల్లోనే ఉంటుంది. ఆ తర్వాత మొదటి మూడేళ్ల లెక్కలు, డైరెక్టర్ల రిపోర్టు తీస్తాను. సరుకు నిల్వల్లో నూలు ఉందా, యంత్రాలు ఉన్నాయా అన్నది క్లాజ్ కంటే నమ్మకంగా చెప్పేది అవే.

కొత్త కంపెనీల విషయంలో క్లాజ్ నుంచి అంత కూడా రాదు. డెలావేర్‌లో "చట్టబద్ధమైన ఏ పని అయినా" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. బ్రిటన్‌లో 2009 అక్టోబర్ నుంచి, ప్రత్యేకంగా పరిమితి పెట్టుకుంటే తప్ప, కంపెనీ ఉద్దేశాలకు హద్దు లేదు. అక్కడ కనిపించే వ్యాపార కోడ్ కూడా కంపెనీ తానే ఎంచుకుని ఇచ్చేది. దాన్ని ఒక సూచనగా తీసుకోవచ్చు, సాక్ష్యంగా కాదు.

అపోహ: లోగో కింద వేసిన సంవత్సరం కంపెనీ స్థాపన సంవత్సరమే.

కాకపోవచ్చు. హోలిస్టర్ బట్టల మీద 1922 అని కనిపించేది, కానీ ఆ బ్రాండ్‌ను అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ 2000లో మొదలుపెట్టింది. 1922 బ్రాండ్ కోసం అల్లిన కథలోది. స్టెల్లా ఆర్టువా సీసా మీది 1366 అలాంటి కల్పన కాదు. అది బెల్జియంలోని ల్యూవెన్ నగరంలో డెన్ హోర్న్ అనే పాత బ్రూవరీకి చెందిన సంవత్సరం. సెబాస్టియన్ ఆర్టువా ఆ బ్రూవరీని కొన్నది 1717లో, స్టెల్లా అనే బీరు వచ్చింది 1926లో. కాబట్టి సంవత్సరం చూడగానే అది కంపెనీదా, బ్రాండ్‌దా, భవనానిదా, కొనుక్కున్న పాత సంస్థదా అని నేను అడుగుతాను. "మా టీమ్‌కు మొత్తం 80 ఏళ్ల అనుభవం" అన్నది కూడా ఇలాంటిదే, ఎనిమిది మంది పదేసి ఏళ్లు కలిపినా 80 అవుతుంది.

ఇక రిపోర్టు రాసేటప్పుడు "అబద్ధం" అనే మాట వాడను. ఎవరి మనసులో ఏముందో కాగితాల్లో ఉండదు. ప్రకటనలోని మాట ఉన్నదున్నట్టు, అది చూసిన తేదీతో రాస్తాను. దాని పక్కన రికార్డు ఏం చెబుతోందో, ఏ ఫైలింగ్‌లో చెబుతోందో రాస్తాను. నీటి శుద్ధి కంపెనీ గురించి రాసింది ఇది: "కంపెనీ 1994లో వేరే పేరుతో, బట్టల వ్యాపారం కోసం రిజిస్టర్ అయింది. 2002 నుంచి 2015 వరకు కార్యకలాపాలు లేవు. 2016లో యాజమాన్యం, పేరు, ఉద్దేశాలు మారాయి. నీటి శుద్ధి ఆదాయం 2017 నుంచి కనిపిస్తోంది. అంతకుముందు అనుభవానికి కంపెనీ పేరున ఆధారాలు అందలేదు."

క్లయింట్ ఆ కంపెనీని వదులుకోలేదు. పదిహేనేళ్లకు బదులు మూడేళ్ల ఒప్పందం చేసుకున్నారు. ఆ ఇంజినీరు డైరెక్టర్ ఉన్నంత కాలమే అది కొనసాగేలా ఒక షరతు చేర్చారు.