పోయిన చెక్కు ఆపమని బ్యాంకుకి రాసే అర్జీ: అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో నాది జిరాక్స్, అర్జీల షాపు. చెక్కు పోయిందని వచ్చేవాళ్లు చాలావరకు సొంతంగా ఏదో రాసుకునే వస్తారు. దాన్ని సరిచేసి ఇవ్వడం నా పని.

మొన్న ఫిబ్రవరిలో నరసన్నపేట నుంచి ఒక పెద్దాయన వచ్చారు. సిమెంటు షాపుకి ఇవ్వాల్సిన చెక్కు బస్సులో పడిపోయిందట. ఆయన రాసింది ఇది: "అయ్యా, నేను మొన్న బస్సులో వస్తూ ఉండగా బాగా రద్దీగా ఉండడం వల్ల నా సంచిలోంచి చెక్కు 41872 ఎక్కడో జారిపోయినది. శుక్రవారం నాటిది. కావున నా ఖాతా ఆపగలరు."

అపోహ: జరిగిందంతా వివరంగా రాస్తేనే బ్యాంకు నమ్ముతుంది.

కౌంటర్లో ఉన్నవాళ్లు కంప్యూటర్లో కొట్టేది ఖాతా నంబరు, చెక్కు నంబరు. మిగతాది సరిచూసుకోవడానికి. బస్సు రద్దీ వాళ్లకి అక్కర్లేదు, "పోయింది" అన్న ఒక్క మాట చాలు. "ఖాతా ఆపగలరు" మాత్రం ప్రమాదమే. ఎవరైనా దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే ఆయన పింఛను డబ్బు కూడా చేతికి రాదు. ఆపాల్సింది ఒక్క చెక్కుని.

అపోహ: ముందున్న సున్నా రాయకపోయినా ఫర్వాలేదు.

చెక్కు నంబరంటే ఆరు అంకెలు. చెక్కు అడుగున తెల్ల పట్టీ మీద వరసగా అంకెలుంటాయి కదా, అందులో ఎడమ వైపు మొదటి ఆరే చెక్కు నంబరు. తర్వాతి తొమ్మిదీ ఊరు, బ్యాంకు, బ్రాంచీలను తెలిపే కోడ్. కొందరు ఆ వరస మొత్తం ఎత్తి రాసేస్తారు. ఈయనేమో ఐదే రాశారు. అది 041872 అయినా కావచ్చు, చివరి అంకె మర్చిపోయిన 418720 లాంటిదైనా కావచ్చు. చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

"నంబరు ఖాయమేనా బాబూ?" అంటే, "గుర్తున్నంతలో రాసీసినాను నాయనా" అన్నారు. చెక్‌బుక్ తెమ్మన్నాను. కౌంటర్ ఫాయిల్ ఖాళీ. మిగిలిన ఆకుల్లో మొదటిది 041873. ఒకటి తీసేస్తే సరిపోతుంది అనుకోకూడదు, రెండు ఆకులు చిరిగి ఉండొచ్చు. పాసుబుక్ చూస్తే 041871 జనవరిలోనే చెల్లింది. 041872 ఎక్కడా లేదు. అప్పుడు ఖాయమైంది. అదే చూపులో ఆ చెక్కు మీద ఇంకా ఎవరూ డబ్బు తీసుకోలేదని కూడా తేలింది. చెల్లిపోయిన చెక్కుని ఆపమని రాసి లాభం లేదు.

అపోహ: తేదీ ఒకటి వేస్తే చాలు.

ఈ అర్జీలో తేదీలు మూడు: చెక్కు మీదిది, పోయినది, అర్జీ ఇచ్చేది. "మొన్న", "శుక్రవారం" అని రాస్తే వారం తర్వాత ఫైల్లో ఎవరికీ అర్థం కాదు. నెలని అక్షరాల్లో రాయిస్తాను. సంతకం పెట్టి తేదీ వేయని చెక్కైతే ఆ సంగతి కూడా రాయాలి, ఎందుకంటే దొరికినవాడు తనకి కావాల్సిన తేదీ వేసుకోగలడు. మూడు నెలలు దాటితే చెక్కు చెల్లదు కదా అని ఊరుకోవడం అందుకే కుదరదు.

చివరికి ఇలా అయింది:

> విషయం: చెక్కు నంబరు 041872కు చెల్లింపు నిలిపివేయమని కోరుతూ.
>
> అయ్యా, నా సేవింగ్స్ ఖాతా నంబరు ……… కి చెందిన ఈ చెక్కు పోయింది.
> చెక్కు నంబరు: 041872
> చెక్కు మీద తేదీ: 6 ఫిబ్రవరి 2026
> ఎవరి పేరున: ………
> మొత్తం: రూ.42,000
> పోయిన తేదీ: 9 ఫిబ్రవరి 2026
> ఈ ఒక్క చెక్కుకు డబ్బు చెల్లించవద్దని కోరుతున్నాను. స్టాప్ పేమెంట్ ఛార్జీ నా ఖాతా నుంచి తీసుకోవచ్చు.
> తేదీ: 10 ఫిబ్రవరి 2026. సంతకం, ఫోన్ నంబరు.

సంతకం బ్యాంకులో ఉన్న నమూనాలాగే ఉండాలి. రెండో కాపీ మీద ముద్రతో పాటు ఇచ్చిన టైము కూడా వేయించుకోమన్నాను. 2025 అక్టోబరు నుంచి చెక్కులు పగలంతా స్కాన్ అవుతూ క్లియరింగ్‌కి పోతున్నాయి, రేపు ఇద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోవచ్చు. యాప్‌లో చేసేవాళ్లకి ఒక మాట: మొదటి నంబరు, చివరి నంబరు అని రెండు గళ్లు అడిగితే, ఒక్క ఆకుకైతే రెండింట్లోనూ అదే నంబరు కొట్టాలి.

అపోహ: చెక్కు తీసుకున్నవాళ్లు పోగొట్టుకుంటే అర్జీ వాళ్లే పెట్టుకోవాలి.

కాదు. ఖాతా ఎవరిదో, చెక్కు మీద సంతకం ఎవరిదో వాళ్లే ఆపమనాలి. తీసుకున్నవాళ్లు వాళ్లకి కబురు చెప్పాలి, అంతే.

రెండు వారాలకి పెద్దాయన మళ్లీ వచ్చారు. చెక్కు సంచి అడుగున అట్ట కింద దొరికిందట. సిమెంటు షాపుకి అప్పటికే 041873 ఇచ్చేశారు. "ఇది కూడా వాడుకోవచ్చేటి?" అన్నారు. వాడుకోవాలంటే ఆపింది తీసేయమని మళ్లీ అర్జీ పెట్టాలి, అది లేకుండా వేస్తే వెనక్కి వస్తుంది. అడ్డంగా రెండు గీతలు కొట్టి, క్యాన్సిల్ అని రాయించి, కౌంటర్ ఫాయిల్‌కి పిన్ను గుచ్చి పంపించాను.