చిన్న ఊళ్లలో యాడ్ చవక? సిటీ రిపోర్టు చుట్టూ తిరిగే అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల వ్యాపారాలకు ఆన్‌లైన్ యాడ్స్ నడపడం నా పని. అమ్మకాలు కాస్త నిలదొక్కుకోగానే ఓనర్లందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఇక ఏ ఊళ్లలో పెంచుదామండీ?" దానికి జవాబు కోసం ఊళ్లను జనాభాను బట్టి మూడు కుప్పలుగా పోస్తాం. ఐదు లక్షలు దాటినవి పెద్దవి, లక్ష నుంచి ఐదు లక్షల వరకు మధ్యరకం, లక్ష లోపు చిన్నవి. ఒక్కో కుప్ప మీద ఎంత ఖర్చయింది, ఎన్ని ఆర్డర్లు వచ్చాయి అని లెక్క కడతాం. అదే సిటీ రిపోర్టు. చెయ్యడం తేలికే. చదవడంలోనే తప్పులు దొర్లుతాయి.

గుంటూరులో పచ్చళ్లు, కారప్పొడులు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక వ్యాపారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. లెక్క సులువుగా తేలడానికి అంకెలు నేనే వేశాను. రెండు నెలల్లో పెద్ద ఊళ్లలో లక్షా ఇరవై వేలు పెడితే 400 ఆర్డర్లు, అంటే ఆర్డర్‌కు 300 రూపాయలు. మధ్యరకంలో 60 వేలకు 240 ఆర్డర్లు, ఆర్డర్‌కు 250. చిన్న ఊళ్లు ముప్పై, వాటిలో 18 వేలకు 90 ఆర్డర్లు, ఆర్డర్‌కు 200. ఈ కాగితం చూసిన ఏ ఓనరైనా ఏమంటారో మీకు తెలుసు.

అపోహ: లిస్టులో పైన ఉన్న ఊరే మన ఊరు

"రేపల్లెలో ఆర్డర్ వంద రూపాయలకే పడుతోంది కదా, అక్కడ పెంచెయ్యి బాబూ. ఆ వినుకొండ తీసెయ్యి, ఆరొందలు పెడితే ఒక్కటీ రాలేదు." నేను తరచుగా వినే మాట ఇది, ఊళ్ల పేర్లు మారుతుంటాయి అంతే.

ముప్పై చిన్న ఊళ్లలో ఒక్కోదాని మీద సగటున 600 రూపాయలు ఖర్చయింది, సగటున మూడు ఆర్డర్లు వచ్చాయి. ఇప్పుడు ఆ ముప్పై ఊళ్లూ అచ్చం ఒకేలాంటివే అనుకోండి. జనం ఒకటే, ఆసక్తి ఒకటే, పచ్చడి మీద మోజూ ఒకటే. అయినా సరే, కేవలం యాదృచ్ఛికంగానే వాటిలో ఒకటి రెండు ఊళ్లలో సున్నా ఆర్డర్లు పడతాయి, రెండు మూడు ఊళ్లలో ఆరో అంతకన్నా ఎక్కువో పడతాయి. సగటు మూడు ఉన్నప్పుడు లెక్క అలాగే వస్తుంది. ఆరు పడిన ఊరు వంద రూపాయల ఆర్డర్‌తో లిస్టు నెత్తిన కూర్చుంటుంది. సున్నా పడిన ఊరు అడుగున ఉంటుంది. వచ్చే రెండు నెలల్లో ఆ రెండూ చోట్లు మార్చుకున్నా నేను ఆశ్చర్యపోను.

అందుకే ఊరివారీగా పేర్చిన లిస్టులో పైనా చిన్న ఊళ్లే ఉంటాయి, అడుగునా చిన్న ఊళ్లే ఉంటాయి. విశాఖ, విజయవాడ ఎప్పుడూ మధ్యలోనే కనిపిస్తాయి. అలా జరిగేది అవి మామూలు ఊళ్లు కావడం వల్ల కాదు. అక్కడ ఆర్డర్లు ఎక్కువ కాబట్టి అదృష్టం తాలూకు ఎగుడుదిగుళ్లు చదునైపోతాయి.

చేతిలో కాగితం కూడా అక్కర్లేని పరీక్ష ఒకటుంది. ఆర్డర్ల సంఖ్యకు వర్గమూలం తీయండి. మన ప్రమేయం లేకుండానే ఆ అంకె సుమారుగా అంత అటూ ఇటూ ఊగుతుంది. 4 ఆర్డర్లయితే ఊగుడు 2, అంటే సగానికి సగం. 100 అయితే 10, అంటే పదో వంతు. 400 అయితే 20, ఇరవయ్యో వంతే. నాలుగు ఆర్డర్లున్న ఊరి మీద నిర్ణయం తీసుకోవడమంటే బొమ్మాబొరుసు వేసుకోవడమే. మనం ఊళ్లను కుప్పలుగా పోసేదే ఇందుకు. 90 ఆర్డర్ల కుప్ప మాట్లాడితే వినొచ్చు, అందులోని ఒక్క ఊరు మాట్లాడితే వినకూడదు.

ఇక్కడే ఇంకో చిన్న సంగతి. కుప్ప ఖర్చు తీసేటప్పుడు మొత్తం ఖర్చును మొత్తం ఆర్డర్లతో భాగించాలి. ఊరివారీ రేట్లన్నీ కూడి సగటు తీస్తే సున్నా ఆర్డర్ల ఊళ్లు లెక్కలోంచి జారిపోతాయి, ఎందుకంటే సున్నాతో భాగించలేం. ఒక్క ఆర్డర్ పడిన ఊరికీ ఆరు పడిన ఊరికీ ఒకే బరువు పడుతుంది. దాంతో చిన్న ఊళ్ల అసలు ఖర్చు కనిపించదు.

అపోహ: రిపోర్టులో గుంటూరు అని ఉంటే, కొన్నవాళ్లు గుంటూరులో ఉన్నట్టే

మన ప్రాంతపు వ్యాపారాలకు ఇది మరీ పెద్ద గొయ్యి. గూగుల్ యాడ్స్‌లో లొకేషన్ సెట్టింగ్ మొదట్లో ఎలా ఉంటుందంటే, ఆ ఊళ్లో ఉన్నవాళ్లకే కాకుండా ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లకు కూడా యాడ్ వెళ్తుంది. హైదరాబాద్ కూకట్‌పల్లిలో కూర్చున్న ఒకావిడ "గుంటూరు కారం పొడి" అని వెతికింది. ఆవిడకు కావాల్సింది కారం, ఊరు కాదు. కానీ సిస్టమ్ దృష్టిలో ఆవిడ గుంటూరు మీద ఆసక్తి చూపింది. మీరు గుంటూరుకే పెట్టిన యాడ్ ఆవిడకు కనిపిస్తుంది, ఆవిడ కొంటే ఆ ఆర్డర్ గుంటూరు లెక్కలో పడుతుంది. సరుకు పేరులోనే ఊరి పేరున్న ఏ వ్యాపారానికైనా ఈ చిక్కు తప్పదు, మంగళగిరి చీరలు అమ్మేవాళ్లకూ ఇదే పరిస్థితి.

విస్తరణ కోసం రిపోర్టు తీసేముందు లొకేషన్ ఆప్షన్‌ను Presence కు, అంటే ఆ ఊళ్లో ఉన్నవాళ్లకే చూపేలా, మార్చండి. పాత డేటాతోనే పని జరగాలంటే Matched location కాలమ్‌ను పక్కనపెట్టి User location తీయండి. మనిషి నిజంగా ఎక్కడున్నారో ఈ రెండోది చెబుతుంది. రెంటికీ తేడా ఎక్కువగా ఉంటే మొదటి రిపోర్టుతో చేసిన లెక్కలన్నీ మళ్లీ చెయ్యాల్సిందే.

అదీ పూర్తిగా కచ్చితం కాదు. ఫోన్ లొకేషన్ అందనప్పుడు ఐపీ అడ్రస్‌ను బట్టి ఊరిని అంచనా వేస్తారు. మొబైల్ డేటా ఒక పెద్ద ఊరి గేట్‌వే మీదుగా వెళ్తే చిన్న ఊరి మనిషి ఆ పెద్ద ఊరి ఖాతాలో పడతాడు. కాబట్టి చిన్న ఊళ్ల లెక్క సాధారణంగా ఉన్నదానికన్నా తక్కువగానే కనిపిస్తుంది. దీన్ని పట్టుకోవడానికి నేను ఆర్డర్లలోని పిన్‌కోడ్‌లు చూస్తాను. 520తో మొదలైతే విజయవాడ, 522 అయితే గుంటూరు వైపు, 530 అయితే విశాఖ. మొత్తం ఆరంకెలూ చూస్తే తెనాలి 522201 అని ఊరే తేలిపోతుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది: తెనాలి అమ్మ హైదరాబాద్‌లో కొడుక్కి పచ్చడి పంపిస్తుంది. యాడ్ చూసింది తెనాలిలో, పిన్‌కోడ్ హైదరాబాద్‌ది. అందుకే డెలివరీ పిన్‌కోడ్‌తో పాటు బిల్లింగ్ అడ్రస్ కూడా ఉంటే అదీ తీసుకోండి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టా యాడ్స్‌కు ఈ తలనొప్పి వేరే రకం. అక్కడ బ్రేక్‌డౌన్ రాష్ట్రం దగ్గరే ఆగిపోతుంది. ఊళ్ల లెక్క కావాలంటే ఒక్కో కుప్పకు ఒక్కో యాడ్ సెట్ ముందే విడిగా పెట్టుకోవాలి.

అపోహ: ఆర్డర్ పడిందంటే అమ్మకం అయినట్టే

మన ఉదాహరణకు వద్దాం. ఆర్డర్‌కు 200తో చిన్న ఊళ్లు గెలిచాయి. ఇప్పుడు కొరియర్ ప్యానెల్ తెరిచి ఎన్ని డెలివరీ అయ్యాయో చూద్దాం. పెద్ద ఊళ్లలో 400కి 360, మధ్యరకంలో 240కి 204, చిన్న ఊళ్లలో 90కి 63. మిగతావి రిటర్న్. ఒక్కో రిటర్న్‌కు రానూపోనూ కొరియర్ ఖర్చు 120 రూపాయలు అనుకుందాం, దాన్నీ కలుపుదాం.

చేతికి డబ్బు వచ్చిన ఒక్కో అమ్మకానికి ఖర్చు పెద్ద ఊళ్లలో 347, మధ్యరకంలో 315, చిన్న ఊళ్లలో 337. మొదటి కాగితం మీద పెద్దవాటికన్నా వంద రూపాయలు చవగ్గా ఉన్న చిన్న ఊళ్లు ఇప్పుడు పది రూపాయల తేడాకు వచ్చేశాయి. మధ్యరకం ముందుకొచ్చింది. వెనక్కొచ్చిన సీసాలో పచ్చడి కారిపోతే మళ్లీ అమ్మలేం, ఆ నష్టం ఇందులో కలపనే లేదు.

చిన్న ఊళ్ల జనం మాట మీద నిలబడరని దీనికి అర్థం చెప్పుకోకండి. అక్కడ క్యాష్ ఆన్ డెలివరీ ఎక్కువ, పార్సెల్ రెండు మూడు రోజులు ఆలస్యంగా వెళ్తుంది, "సాయిబాబా గుడి ఎదురుగా" అన్నదే అడ్రస్ అయినప్పుడు డెలివరీ అబ్బాయి ఫోన్ ఎత్తకపోతే వెనక్కి తిప్పేస్తాడు. ఆర్డర్ పడ్డ సాయంత్రమే ఒక ఫోన్ చేసి అడ్రస్ ఖాయం చేసుకుంటే రిటర్న్‌లు తగ్గుతాయి, అప్పుడు ఈ లెక్కే మారిపోతుంది. యాడ్ బడ్జెట్ పెంచాలా, ఫోన్ చేసే మనిషిని పెట్టాలా అన్నది కూడా ఈ రిపోర్టులోంచే తేలే ప్రశ్న.

అపోహ: బడ్జెట్ రెట్టింపు చేస్తే ఆర్డర్లూ రెట్టింపు

చిన్న ఊళ్లలో 18 వేలను 36 వేలు చేశారనుకోండి. ఆర్డర్లు 90 నుంచి 126 అయ్యాయి. రిపోర్టు ఆర్డర్‌కు 286 అని చూపిస్తుంది, ఫర్వాలేదనిపిస్తుంది. కానీ కొత్తగా పెట్టిన 18 వేలకు వచ్చినవి 36 ఆర్డర్లే. ఒక్కోటి 500 రూపాయలు. ఆ డబ్బు విశాఖలో పెడితే ఎలా ఉండేదన్నది చూడాల్సిన పోలిక. సగటు ఎప్పుడూ గతాన్నే చెబుతుంది. తర్వాతి రూపాయి ఏం చేస్తుందో తెలియాలంటే పెరిగిన ఖర్చును పెరిగిన ఆర్డర్లతో విడిగా భాగించాలి.

ఎందుకిలా అవుతుందంటే, డెబ్బై వేల జనాభా ఉన్న ఊళ్లో రోజుకి "ఆవకాయ ఆన్‌లైన్" అని వెతికేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లందరికీ మీ యాడ్ ఇప్పటికే కనిపిస్తోంది. ఇంకా డబ్బు ఖర్చవ్వాలంటే "ఆవకాయ ఎలా పెట్టాలి" అని వెతికేవాళ్లకు చూపించాలి, వాళ్లు కొనరు. ముందే తెలుసుకోవాలంటే చిన్న ఊళ్లను ఒక విడి క్యాంపెయిన్‌గా పెట్టి Search impr. share కాలమ్ చూడండి. మీ యాడ్ కనిపించగలిగిన సార్లలో ఎంత శాతం నిజంగా కనిపించిందో అది చెబుతుంది. అది 80 శాతం దాటి ఉంటే అక్కడ ఇంక పెద్దగా చోటు లేదు. 30 శాతమే ఉండి, Search lost IS (budget) ఎక్కువగా ఉంటే బడ్జెట్ చాలక పోగొట్టుకుంటున్నారని అర్థం, అక్కడ పెంచొచ్చు.

అపోహ: జనాభా లెక్కే ఊరి సైజు

ఇప్పటికీ మనం వాడుతున్నవి 2011 లెక్కలు. వాటి ప్రకారం మంగళగిరి లక్ష లోపు ఊరు, కాబట్టి చిన్న కుప్పలోకి వెళ్తుంది. అక్కడికీ విజయవాడకీ మధ్య ఎడం ఎంతో, కొరియర్ ఎన్ని గంటల్లో వెళ్తుందో మనకు తెలుసు. 2021లో తాడేపల్లితో కలిపి కార్పొరేషన్ కూడా చేశారు. నేను దాన్ని విజయవాడ కుప్పలోనే వేస్తాను. పెద్ద ఊరికి ఆనుకున్నవన్నీ అలా మార్చాకే రిపోర్టు తీయండి.

ఇవన్నీ అయ్యాక కూడా డబ్బు ఒకేసారి పోయక్కర్లేదు. మధ్యరకం ఊళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టులో నెల రోజులు బడ్జెట్ పెంచి, రెండోదాన్ని కదపకుండా ఉంచి, పిన్‌కోడ్‌లను బట్టి డెలివరీ అయిన అమ్మకాలు పోల్చి చూడండి. భీమవరం, తాడేపల్లిగూడెం లాంటి దగ్గరదగ్గర ఊళ్లను ఒకే జట్టులో ఉంచాలి, లేకపోతే ఒకదాని ప్రభావం రెండోదాని మీద పడుతుంది. పచ్చళ్ల వ్యాపారమైతే కొత్తావకాయ వచ్చే రోజుల్లోనూ, సంక్రాంతి ముందూ ఈ పరీక్ష పెట్టకండి. అప్పుడు ఏ ఊళ్లో ఎంత అమ్ముడైనా అందులో యాడ్ వాటా ఎంతో విడదీయడం కష్టం.