స్ట్రెంత్ ఫుల్లు, క్వాలిటీ సున్నా: డిష్ తిప్పేటప్పుడు ఏ గీత చూడాలి

హైదరాబాద్‌లో డీడీ ఫ్రీ డిష్ పెట్టుకుంటున్నారనుకుందాం. అది వచ్చేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి, అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. మన ఊరు 78.5 దగ్గర కాబట్టి అది మనకి ఆగ్నేయంగా కనపడాలి. లెక్కేస్తే అజిమత్, అంటే ఉత్తరం నుంచి కుడికి తిరిగే కోణం, 138 డిగ్రీలు. ఎలివేషన్, అంటే నేల నుంచి పైకి ఎత్తే కోణం, 63. స్క్యూ, అంటే డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీని అది ఉన్నచోటే తిప్పాల్సిన కోణం, దాదాపు 40.

ముందు పైపు నిటారుగా ఉందో లేదో చూడండి, అది వంగితే బ్రాకెట్ మీద 63 అని పెట్టినా అది 63 కాదు. ఇంకోటి, మన ఇళ్లపై ఉండేవి ఆఫ్‌సెట్ డిష్‌లు, ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాకుండా కింద ఉంటుంది, అందుకే డిష్ ముఖం 63 కంటే చాలా తక్కువ ఎత్తినట్టు కనిపిస్తుంది. కంటిని కాదు, బ్రాకెట్ స్కేలుని నమ్మండి. దిక్కు కోసం ఫోన్లో కంపాస్ చూస్తే ఇనప పైపుకి దూరంగా నిలబడి చూడండి.

ఇక బాక్స్ మెనూలో ఫ్రీక్వెన్సీ 11090, వర్టికల్, సింబల్ రేట్ 29500 పెట్టి మీటర్ తెరవండి. అక్కడ రెండు గీతలుంటాయి. స్ట్రెంత్ అంటే కేబుల్లో ఎంత పవర్ వస్తోందో అంతే, ఖాళీ ఆకాశం వైపు తిప్పినా ఎల్‌ఎన్‌బీ తన సొంత నాయిస్‌ని పెంచి పంపుతుంది కాబట్టి ఈ గీత ఎప్పుడూ కాస్త లేచే ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోతే సాయంత్రం దాకా మేడ మీదే. క్వాలిటీ మాత్రం మనం అడిగిన సిగ్నల్‌ని బాక్స్ నిజంగా పట్టుకుంటేనే లేస్తుంది. పైగా పట్టుకోవడానికి దానికి ఒకట్రెండు సెకన్లు పడుతుంది. అందుకే డిష్‌ని కొంచెమే జరపాలి, ఆగాలి, కింద టీవీ దగ్గరున్న వాళ్లని అడగాలి.

60 సెంటీమీటర్ల డిష్ చూపు సుమారు 3 డిగ్రీల వెడల్పు, పక్కన 95 డిగ్రీల దగ్గర వేరే ఉపగ్రహాలున్నాయి. కాబట్టి క్వాలిటీ కనపడగానే ఆపేయకూడదు. ఎడమకి జరిపి ఎక్కడ పడిపోతుందో, కుడికి జరిపి ఎక్కడ పడిపోతుందో చూసుకుని నడిమధ్యలో పెట్టాలి, తర్వాత పైకీ కిందకీ అలాగే.

చాలామంది వదిలేసేది స్క్యూ. ఉపగ్రహం తరంగాలు దాని వర్టికల్‌లో వస్తాయి, మన వర్టికల్‌లో కాదు. 40 డిగ్రీలు తిప్పకుండా ఎల్‌ఎన్‌బీని నిలువుగా వదిలేస్తే మనకి కావలసిన పవర్ 60 శాతమే లోపలికొస్తుంది, అవతలి హారిజాంటల్ సిగ్నల్ ఉంటే అందులో 40 శాతం కూడా దూరుతుంది, స్ట్రెంత్ బానే ఉండి క్వాలిటీ ఏడ్చేది ఇందుకే. డిష్ వెనకాల నిలబడి ఆకాశం వైపు చూస్తే గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిప్పాలి. విశాఖలో అయితే 29 చాలు, ఉపగ్రహానికి రేఖాంశంలో దగ్గర కదా.

నట్లు బిగించేటప్పుడు కూడా కన్ను క్వాలిటీ గీత మీదే ఉండాలి, స్పానర్ లాగిన వైపుకి డిష్ కొంచెం జరిగిపోతుంది, అందుకే రెండు పక్కలా కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి.