హార్డ్ డిస్క్ ఆర్మ్ ముందు ఎటు కదలాలి? 276, 278, 226 లెక్క

ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో డిస్క్ షెడ్యూలింగ్ లెక్క కనిపిస్తే చాలామందికి ప్రాణం లేచొస్తుంది, ఎందుకంటే కూడికలు తీసివేతలు వస్తే చాలు, మార్కులు పడతాయి. కానీ ఆ కూడికల్లోనే ఒక పెద్ద విషయం దాక్కుని ఉంది. ఆర్మ్ తక్కువ దూరం తిరిగితే మంచిదా, లేక ఎదురుచూస్తున్న ప్రోగ్రాములు తక్కువసేపు ఆగితే మంచిదా? ఈ రెండూ ఒకటే అనుకుంటాం. కాదు. ఒకే లెక్కని చివరిదాకా చేసి చూస్తే అది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది, అందుకే ఇక్కడ ఆ ఒక్క లెక్కనే పట్టుకుందాం.

ముందు కాస్త డిస్క్ గురించి. లోపల గుండ్రటి పళ్లేలు తిరుగుతుంటాయి, వాటిని ప్లాటర్లు అంటారు. ప్రతి ప్లాటర్ మీద ఒకదాని చుట్టూ ఒకటిగా ట్రాకులుంటాయి. అన్ని ప్లాటర్ల మీదా ఒకే దూరంలో ఉన్న ట్రాకులన్నీ కలిపితే ఒక సిలిండర్. డేటా చదివే హెడ్లన్నీ ఒకే ఆర్మ్‌కి బిగించి ఉంటాయి కాబట్టి ఆర్మ్ ఒక సిలిండర్ దగ్గర నిలబడితే హెడ్లన్నీ అక్కడే నిలబడతాయి. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌లో ఒక చుట్టుకి 8.33 మిల్లీ సెకన్లు పడుతుంది, అంటే కావాల్సిన సెక్టర్ హెడ్ కిందికి రావడానికి సగటున 4.17 మిల్లీ సెకన్లు ఆగాలి. దీని గురించి ఆపరేటింగ్ సిస్టమ్ పెద్దగా చేయగలిగింది లేదు. ఆర్మ్‌ని ఒక సిలిండర్ నుంచి ఇంకో సిలిండర్‌కి జరపడానికి పట్టే సమయాన్ని సీక్ టైమ్ అంటారు, మామూలు డెస్క్‌టాప్ డిస్కుల్లో ఇది సగటున 8, 9 మిల్లీ సెకన్ల దాకా ఉంటుంది. దీన్ని మాత్రం తగ్గించొచ్చు. ఎలాగంటే, క్యూలో ఉన్న రిక్వెస్టుల వరస మార్చి.

ఇప్పుడు లెక్క. డిస్క్‌లో 0 నుంచి 199 దాకా 200 సిలిండర్లున్నాయి. హెడ్ ఇప్పుడు 70 దగ్గరుంది, అంతకుముందు 62 దగ్గర పని ముగించుకుని వచ్చింది. క్యూలోకి రిక్వెస్టులు వచ్చిన వరస ఇది:

148, 35, 92, 12, 76, 180, 58, 95

వచ్చినవి వచ్చినట్టు చేసుకుంటూ పోతే, అంటే ఎఫ్‌సీఎఫ్‌ఎస్ పద్ధతిలో, హెడ్ 70 నుంచి 148కి, అక్కణ్ణుంచి వెనక్కి 35కి, మళ్లీ 92కి, మళ్లీ 12కి... ఇలా అటూ ఇటూ పరిగెడుతుంది. దూరాలు 78, 113, 57, 80, 64, 104, 122, 37. మొత్తం 655 సిలిండర్లు. ఇందులో చెప్పుకోడానికి ఏమీ లేదు, మిగతావాటిని పోల్చి చూసుకోడానికి ఒక అంకె దొరికింది, అంతే.

తర్వాత ఎస్‌ఎస్‌టీఎఫ్. పూర్తి పేరు షార్టెస్ట్ సీక్ టైమ్ ఫస్ట్, అంటే హెడ్ ఇప్పుడున్న చోటికి ఏది దగ్గరగా ఉంటే దాని దగ్గరికే వెళ్లడం. 70కి దగ్గరగా రెండున్నాయి, 76 ఆరు దూరంలో, 58 పన్నెండు దూరంలో. కాబట్టి 76. అక్కడికెళ్లాక మళ్లీ కొత్తగా కొలవాలి, ఇక్కడే చాలామంది తొందరపడి మొదట 70 నుంచి కొలిచిన దూరాలనే పట్టుకుని కూర్చుంటారు. 76 నుంచి 92 పదహారు, 58 పద్దెనిమిది, కాబట్టి 92. తర్వాత 95. అక్కణ్ణుంచి 148కి 53 దూరం, 58కి 37, కాబట్టి వెనక్కి తిరిగి 58, తర్వాత 35, తర్వాత 12. ఇక మిగిలినవి 148, 180.

70 → 76 → 92 → 95 → 58 → 35 → 12 → 148 → 180

6 + 16 + 3 + 37 + 23 + 23 + 136 + 32 = 276. ఎక్కడి 655, ఎక్కడి 276! సగానికి సగం కంటే ఎక్కువే తగ్గింది. ఒక్కో సిలిండర్ దాటడానికి 0.1 మిల్లీ సెకను అని ప్రశ్నలో ఇస్తే 65.5 బదులు 27.6 మిల్లీ సెకన్లతో పని అయిపోయింది.

మరి ఇదే అతి తక్కువ దూరమా? పేరులోనే అతి తక్కువ అని ఉంది కదా అని అవునని రాసేస్తారు. కాదు. హెడ్ 70 నుంచి ముందు కిందికెళ్లి 58, 35, 12 చూసుకుని, అక్కణ్ణుంచి పైకి తిరిగి 76, 92, 95, 148, 180 చేస్తే 58 + 168 = 226 చాలు. ఎస్‌ఎస్‌టీఎఫ్ తర్వాతి అడుగు ఒక్కటే చూస్తుంది. మొదట్లో 6, 16, 3 అంటూ చిన్న చిన్న అడుగులు వేసి, చివర్లో 12 నుంచి 148కి 136 సిలిండర్ల పెద్ద ఖాళీ పరుగు మీద వేసుకుంది.

అయితే 226 వచ్చిన దారే అన్ని విధాలా మంచిదా అంటే, ఇక్కడే నాకు బాగా నచ్చే విషయం ఉంది. ప్రతి రిక్వెస్టు దగ్గరికి హెడ్ చేరేసరికి మొత్తం ఎంత దూరం తిరిగిందో విడివిడిగా రాసుకోండి. ఎస్‌ఎస్‌టీఎఫ్‌లో 6, 22, 25, 62, 85, 108, 244, 276. సగటు 103.5. అదే 226 దారిలో 12, 35, 58, 122, 138, 141, 194, 226. సగటు 115.75. అంటే మొత్తం దూరం 50 సిలిండర్లు తగ్గినా సగటు ఎదురుచూపు పెరిగింది! దగ్గరి పనులు ముందు ముగించేయడం వల్ల ఎస్‌ఎస్‌టీఎఫ్‌లో ఎక్కువమందికి తొందరగా జవాబు దొరికింది, 148, 180 అడిగిన ఇద్దరు మాత్రం బాగా ఆగాల్సి వచ్చింది. పరీక్షలో అడిగేది మొత్తం దూరం. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి తెలిసేది మాత్రం తన ఫైల్ తెరుచుకోడానికి ఎంతసేపు పట్టిందనేదే.

ఆ ఇద్దరి కష్టం ఇంకా ఎక్కువ కూడా కావచ్చు. పరీక్ష లెక్కలో క్యూ కదలదు, ఎనిమిది ఇచ్చారంటే ఎనిమిదే. నిజం డిస్క్‌లో పని జరుగుతుండగానే కొత్తవి వస్తూనే ఉంటాయి. హెడ్ 95 దగ్గరున్నప్పుడు 99, 104, 90 వచ్చాయనుకోండి. ఎస్‌ఎస్‌టీఎఫ్ 99కి, 104కి వెళ్తుంది, అక్కణ్ణుంచి 148 నలభై నాలుగు దూరంలో ఉంటే 90 పద్నాలుగే కాబట్టి వెనక్కి 90కి వస్తుంది. ఈలోగా 97 వచ్చింది, 101 వచ్చింది. ఏదో పెద్ద డేటాబేస్ ఫైల్ ఆ మధ్య సిలిండర్లలోనే ఉంటే ఇది ఎప్పటికీ ఆగదు, 12, 180 అలా పడి ఉండాల్సిందే. దీన్నే స్టార్వేషన్ అంటారు. సగటు అంకె చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, ఒకరిద్దరి అప్లికేషన్ మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఆగిపోతుంది. దీన్ని పట్టుకోవాలంటే సగటు కాదు, అన్నిటికంటే ఎక్కువ ఆగిన రిక్వెస్టు ఎంతసేపు ఆగిందో చూడాలి.

కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ డెనింగ్ 1967లోనే ఎస్‌ఎస్‌టీఎఫ్‌నీ స్కాన్‌నీ పక్కపక్కన పెట్టి విశ్లేషించాడు. స్కాన్‌కి ఎలివేటర్ అల్గారిథం అని ఇంకో పేరుంది, లిఫ్ట్ పైకి వెళ్తున్నప్పుడు దారిలో ఉన్న అంతస్తులన్నీ చూసుకుంటూ పోయి, పైనుంచి కిందికి దిగుతూ మిగతావి చూసుకుంటుందే, అచ్చం అలాగే. ఇక్కడే లెక్కలో ఇచ్చిన 62 పనికొస్తుంది. హెడ్ 62 నుంచి 70కి వచ్చిందంటే పెద్ద అంకెల వైపు వెళ్తోందన్నమాట. ఆ చిన్న మాట వదిలేసి కిందికి మొదలుపెడితే జవాబు మొత్తం మారిపోతుంది.

స్కాన్‌లో హెడ్ 70 నుంచి 76, 92, 95, 148, 180 చూసుకుని, అక్కడ ఎవరూ లేకపోయినా చివరి సిలిండర్ 199 దాకా వెళ్లి, వెనక్కి తిరిగి 58, 35, 12 చేస్తుంది. 129 + 187 = 316. అవసరం లేని ఆ చివరి పరుగు మానేసి 180 దగ్గరే వెనక్కి తిరిగితే దాని పేరు లుక్, దూరం 110 + 168 = 278. తేడా 38, అంటే 180 నుంచి 199కి వెళ్లి రావడానికి పట్టే 19 రెండుసార్లు. కొందరు ప్రశ్నలో స్కాన్ అని రాసి లుక్ లెక్కే మనసులో పెట్టుకుంటారు, అది నిజంగా చిరాకు తెప్పించే అలవాటు. ఆప్షన్లలో 316 ఉందా 278 ఉందా చూసుకోవాలి, రాతపరీక్ష అయితే ఏది అనుకుని చేశారో ఒక వాక్యంలో రాసేయాలి.

లుక్ 278, ఎస్‌ఎస్‌టీఎఫ్ 276. దాదాపు సమానం. సగటు ఎదురుచూపు లుక్‌లో 125.75, కొంచెం ఎక్కువే. మరెందుకు స్కాన్ కుటుంబం వైపు మొగ్గాలి? ఎందుకంటే ఇందులో ఒక హామీ ఉంది. 12కి రిక్వెస్టు ఎప్పుడొచ్చినా, మధ్యలో ఎన్ని కొత్తవి వచ్చినా, హెడ్ ఒకసారి ఆ చివరికీ ఒకసారి ఈ చివరికీ వెళ్లేలోపు దాని దగ్గరికి రాక తప్పదు. మన డిస్క్‌లో అది ఎంత ఘోరమైనా 398 సిలిండర్ల ప్రయాణం. ఎస్‌ఎస్‌టీఎఫ్‌లో అలాంటి హద్దే లేదు. ఈ హామీకి ఒక్క మినహాయింపు, హెడ్ నిలబడ్డ సిలిండర్‌కే ఆగకుండా కొత్త రిక్వెస్టులు వస్తుంటే అది అక్కడే ఇరుక్కుపోతుంది, అందుకని ఒక విడతలో ఇన్నే అని పరిమితి పెడతారు.

స్కాన్‌లోనూ అందరికీ ఒకే న్యాయం జరగదు. మధ్యలో ఉన్న 100వ సిలిండర్ దగ్గరికి హెడ్ ఇంచుమించు సమానమైన వ్యవధుల్లో వస్తుంది, కానీ అంచున ఉన్న 5వ సిలిండర్‌కి వెంటవెంటనే రెండుసార్లు వచ్చి తర్వాత చాలాసేపు కనిపించదు. పైగా చివర్లో వెనక్కి తిరిగినప్పుడు ఆ చుట్టుపక్కల పనంతా ఇప్పుడే అయిపోయి ఉంటుంది, ఎదురుచూసేవాళ్లంతా అవతలి చివర ఉంటారు. అందుకే సీ-స్కాన్‌లో హెడ్ ఒకే దిశలో పని చేస్తుంది, 199కి చేరాక ఎక్కడా ఆగకుండా 0కి వచ్చి మళ్లీ పైకి మొదలుపెడుతుంది. మన లెక్కలో 129 + 199 + 58 = 386. ఆ వెనక్కి వచ్చే 199ని కలపాలా వద్దా అని ప్రశ్నలో చెప్పకపోతే కలపడమే మేలు. నిజం డిస్క్‌లో మాత్రం ఆ పరుగుకి అంకె చూపించినంత సమయం పట్టదు, ఎందుకంటే ఆర్మ్ కదలడం మొదలుపెట్టడానికీ వేగం తగ్గించుకుని ట్రాక్ మీద స్థిరంగా నిలబడడానికీ పట్టే సమయం చిన్న అడుగుకీ పెద్ద పరుగుకీ ఉంటుంది, ఒక్క పెద్ద పరుగులో అది ఒకేసారి పడుతుంది.

ఇప్పటి డిస్కులు తమ సిలిండర్ అంకెల్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్పవు, వరుస బ్లాక్ నంబర్లే ఇస్తాయి. సాటా డిస్కులైతే 32 కమాండ్ల దాకా తమ దగ్గర పెట్టుకుని, ప్లాటర్ ఎంతవరకు తిరిగిందో కూడా చూసుకుని, లోపలే వరస మార్చుకుంటాయి. అయినా పైన ఆపరేటింగ్ సిస్టమ్‌కి పని మిగిలే ఉంది. లినక్స్‌లో మీ డిస్క్ ఏ పద్ధతి వాడుతోందో ఇలా చూడొచ్చు:

```
cat /sys/block/sda/queue/scheduler
```

చదరపు బ్రాకెట్లలో ఉన్నది ఇప్పుడు నడుస్తున్నది. అక్కడ `mq-deadline` ఉంటే, అది రిక్వెస్టుల్ని బ్లాక్ నంబర్ల వరసలో ఒకే దిశలో చేసుకుంటూ పోతుంది, అంటే సీ-స్కాన్‌కి దగ్గర. దానితో పాటు ప్రతి రిక్వెస్టుకీ ఒక గడువు రాసి పెట్టుకుంటుంది, మామూలుగా చదివేవాటికి 500 మిల్లీ సెకన్లు, రాసేవాటికి 5 సెకన్లు. గడువు దాటిన రిక్వెస్టు కనిపిస్తే, చేతిలో ఉన్న విడత ముగించుకుని, వరస పక్కనపెట్టి దాని దగ్గరికే వెళ్తుంది. చదివేవాటికి గడువు తక్కువెందుకంటే ఆ డేటా వచ్చేదాకా ప్రోగ్రాం ఆగిపోయి ఉంటుంది, రాసేవి మాత్రం మెమరీలో పెట్టుకుని తర్వాత నింపాదిగా రాయొచ్చు. ఎస్‌ఎస్‌డీలో కదిలే ఆర్మే లేదు కాబట్టి దూరాల లెక్క అక్కడ పనికిరాదు, చాలా ఎన్‌వీఎంఈ డిస్కులకి అదే చోట `none` అని కనిపిస్తుంది.