పీడీఎఫ్ పట్టికలో ప్రతి పేజీకీ వచ్చే శీర్షికలు, పేజీ నంబర్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: పీడీఎఫ్ నుంచి పట్టికను కాపీ చేసి ఎక్సెల్‌లో పెట్టాక, ప్రతి పేజీ దగ్గరా మళ్లీ మళ్లీ వచ్చిన శీర్షికలను Remove Duplicates ఒక్క దెబ్బతో శుభ్రం చేసేస్తుంది.

విజయనగరంలో డేటా ఎంట్రీ పని చేసే నా దగ్గరికి చెడిపోయి వచ్చే ఫైళ్లలో ఎక్కువ భాగం ఈ నమ్మకం వల్ల చెడినవే. ఎవరో ఒకరు ఫోన్లో వీడియో చూపించి, ఇదే సులువైన మార్గమని చెబుతారు. విన్నవాళ్లు అలాగే చేస్తారు, షీటు అద్దంలా కనిపిస్తుంది, నష్టం మాత్రం డబ్బు లెక్క దగ్గరికి వచ్చేదాకా బయటపడదు.

ఆ బటనుకు శీర్షిక ఏదో, మనిషి వరుస ఏదో తెలియదు. మనం టిక్ పెట్టిన కాలమ్‌లు రెండు వరుసల్లో ఒకేలా ఉంటే మొదటిదాన్ని ఉంచి, రెండోదాన్ని తీసేస్తుంది. అన్ని కాలమ్‌లకూ టిక్ పెడితే క్రమసంఖ్య వేరుగా ఉంటుంది కనుక మనుషుల వరుసలు క్షేమమే. కానీ అప్పుడు "Page 3 of 14" వంటి వరుసలు పోవు, ఎందుకంటే వాటిలో ఏ రెండూ ఒకటి కావు. అవి కూడా పోవాలని జనం క్రమసంఖ్య కాలమ్‌కు టిక్ తీసేస్తారు. పేజీ నంబరు వరుసలో మిగతా గడులన్నీ ఖాళీ కాబట్టి అవన్నీ ఒకేలా కనబడి మాయమవుతాయి. వాటితోపాటే ఒకే పేరు, ఒకే ఊరు, ఒకే కూలి ఉన్న నిజమైన మనుషులు కూడా మాయమవుతారు. పైడితల్లమ్మను కొలిచే ఈ ప్రాంతంలో ఒక్కో ఊళ్లో ఎందరు పైడిరాజులు, ఎందరు పైడమ్మలు ఉంటారో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ మధ్య ఒక గుమస్తా కుర్రాడు కూలీల చెల్లింపు జాబితా ఒకటి పట్టుకొచ్చాడు. పద్నాలుగు పేజీలు, 412 మంది. A నుంచి F వరకు వరుసగా క్రమసంఖ్య, పేరు, గ్రామం, పనిదినాలు, దినకూలి, మొత్తం అనే ఆరు కాలమ్‌లు ఉన్నాయి. పీడీఎఫ్ చివర ఉన్న మొత్తానికీ తన షీటులోని మొత్తానికీ పొంతన కుదరక, "మా ఊరోళ్లు తొమ్మిది మంది ఏటైపోయారండి?" అని అడిగాడు. ఆ భయంలో అర్థం ఉంది. పేరు తప్పిపోతే తనను నిలదీసేది పక్కింటివాళ్లే.

అతను చేసిన పనిని అసలు కాపీ మీద మళ్లీ చేసి చూశాను. ప్రతి పేజీలోనూ అదనపు వరుసలు మూడేసి ఉన్నాయి: శీర్షిక, దాని కింద (1) (2) (3) అంటూ కాలమ్ నంబర్లు, అడుగున పేజీ నంబరు. పద్నాలుగు పేజీలకు 42 వరుసలు. ఒక్కో రకంలో ఒకటి మిగులుతుంది కాబట్టి Remove Duplicates పోగొట్టాల్సినవి 39. "My data has headers" టిక్ తీసి నొక్కితే 48 తీసేసినట్టు ఎక్సెల్ తానే చెప్పింది. ఎక్కువగా పోయిన ఆ తొమ్మిదే అతను వెతుకుతున్న మనుషులు. ఆ సంఖ్యను చదవకుండా OK నొక్కేయడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు.

సరైన పద్ధతి ఇందుకు తలకిందులుగా ఉంటుంది. ఏది చెత్త అని వెతకకుండా, ఏది నిజమైన వరుస అని అడగాలి. ముందుగా G కాలమ్‌లో పైనుంచి కిందికి 1, 2, 3 అని వరుస నంబర్లు వేసుకోండి. తరవాత ఎలా కలగాపులగమైనా అసలు వరుసక్రమాన్ని తిరిగి తెచ్చేది అదే. పక్కనే H కాలమ్‌లో రెండో వరుస నుంచి ఈ సూత్రం రాసి చివరిదాకా లాగండి, ఒకటో వరుసలోని మొదటి శీర్షికను అలాగే ఉండనివ్వండి.

```
=AND(ISNUMBER(A2),ISTEXT(B2),ISNUMBER(F2))
```

క్రమసంఖ్య అంకె అయ్యుండాలి, పేరు అక్షరాలయ్యుండాలి, మొత్తం అంకె అయ్యుండాలి. మూడూ నిజమైతేనే TRUE వస్తుంది. ఈ మూడింటిలో జనం వదిలేసేది మధ్యది. అది లేకపోతే కాలమ్ నంబర్ల వరుస నిజమైన వరుసలా చొరబడుతుంది. పైగా (6) అని అతికిస్తే ఎక్సెల్ దాన్ని -6గా తీసుకుంటుంది. ఆ వరుసలు పద్నాలుగూ అలాగే ఉండిపోతే మొత్తం కాలమ్‌లో సరిగ్గా 84 రూపాయలు తగ్గుతాయి. తేడాను పేజీల సంఖ్యతో భాగిస్తే ఆ కాలమ్ నంబరే వచ్చిందంటే దొంగ దొరికినట్టే.

అన్ని వరుసలకూ FALSE వస్తే కంగారు పడకండి, అంకెలు అక్షరాల రూపంలో వచ్చాయన్నమాట. వాటికి అంటుకున్న కనిపించని ఖాళీని =VALUE(SUBSTITUTE(A2,CHAR(160),"")) తొలగిస్తుంది. F కాలమ్‌కూ అలాగే చేసుకొని, ఫలితాలను విలువలుగా వాటి స్థానంలోనే అతికించి, B కాలమ్‌లో (2) అని అక్షరాల రూపంలో ఉన్న గడులను ఖాళీ చేయాలి, లేకపోతే ఆ వరుసలకూ TRUE వస్తుంది.

ఇప్పుడు FALSE వరుసలను ఫిల్టర్ చేయండి, కానీ వెంటనే తీసేయకండి, ముందు చదవండి. ఆ కుర్రాడి ఫైలులో ఒకటో వరుస శీర్షికను వదిలేస్తే 41 రావాల్సిన చోట 43 వచ్చాయి. ఆ రెండూ పేజీ అంచున తెగిన పేర్లు. ఒక పేజీ చివరి గడిలో "వెంకట" అని ఉంటే, తరవాతి పేజీలో శీర్షిక కింద, మిగతా గడులు ఖాళీగా, "సూర్యనారాయణమ్మ" అని ఉంది. తోకను పై పేరుకు కలిపి, ఆ తరవాతే FALSE వరుసలన్నీ ఎంచుకొని Delete Row నొక్కించాను. A కాలమ్‌లో చివరి సంఖ్య 412, COUNT ఇచ్చినదీ 412. F కాలమ్ మొత్తం పీడీఎఫ్ చివరి మొత్తంతో రూపాయి తేడా లేకుండా సరిపోయింది. క్రమసంఖ్య ప్రతి పేజీలోనూ ఒకటి నుంచి మొదలయ్యే జాబితా అయితే మొదటి పోలిక పనికిరాదు, అప్పుడు పేజీవారీగా లెక్కించుకోవాలి.

అపోహ: అక్షరక్రమంలో సార్ట్ చేస్తే శీర్షికలన్నీ ఒకచోటికి చేరతాయి, ఒకేసారి తీసేయవచ్చు. చేరతాయి, నిజమే. తెగిన పేరు తోకలు కూడా తమ పై వరుసలను వదిలి ఎక్కడికో పోతాయి, G కాలమ్ లేకపోతే వాటిని తిరిగి చేర్చడం అయ్యేపని కాదు.

అపోహ: అక్రోబాట్‌లో Header & Footer తీసేస్తే శీర్షికలూ పోతాయి. ఆ ఆదేశం అక్రోబాట్ తానే చేర్చిన హెడర్లనూ ఫుటర్లనూ తీస్తుంది. పట్టిక శీర్షిక ప్రతి పేజీలో విడిగా అచ్చయిన అక్షరాలు మాత్రమే, దాని జోలికి అది పోదు.

అపోహ: ఎక్సెల్‌లో From PDF ద్వారా తెస్తే ఈ బాధే ఉండదు. అది ఒక్కో పేజీ పట్టికను విడివిడిగా చూపించవచ్చు, వరుస పేజీల పట్టికలను తానే కలిపేయవచ్చు, ఎలా కలిసినా శీర్షికలు మళ్లీ మధ్యలోకి రావచ్చు, అప్పుడు పై సూత్రంతో పని తప్పదు.

వీటన్నిటికన్నా ముందు చేయదగిన పని ఒకటుంది. జాబితా ఇచ్చినవారి దగ్గర అసలు ఎక్సెల్ ఫైలు ఉందేమో అడగండి. పీడీఎఫ్‌లో పేజీపేజీకీ కనిపించే శీర్షిక, ప్రింటు కోసం Rows to repeat at top పెట్టడం వల్ల వచ్చినదైతే, ఆ ఫైలులో అది ఒక్కసారే ఉంటుంది.