రిపోర్టులో గ్రౌండ్ గ్లాస్ అని రాస్తే

కరోనా రోజుల్లో సీటీ రిపోర్టు చదవడం మన జిల్లాల్లో అందరికీ కొంత అబ్బింది. "25కి ఎంత వచ్చింది?" అని కాకినాడ నుంచి నరసాపురం దాకా ఫోన్లలో అడుక్కునేవారు. అప్పుడు పట్టుబడిన మాటల్లో గ్రౌండ్ గ్లాస్ ఒకటి. ఇప్పటికీ ఏడాదిగా దగ్గుతున్న మనిషికి స్కాన్ తీయించి, రిపోర్టులో ఆ మాట కనిపించగానే ఇంట్లోవాళ్లు టెన్షన్ పడిపోతారు. "మళ్లీ కరోనా వచ్చిందాండీ?" అని రిపోర్టు నా టేబుల్ మీద పెట్టి అడిగినవాళ్లు చాలామంది. కానీ గ్రౌండ్ గ్లాస్ ఒక జబ్బు పేరు కాదు. జ్వరం లాగా అది ఒక లక్షణం మాత్రమే, అదీ ఫిల్ము మీద కనిపించేది.

ఒక కేసు పట్టుకుని చూద్దాం. ఇది ఏ ఒక్కరిదీ కాదు, ఇలాంటివి కొన్ని కలిపి చెబుతున్నాను. అనపర్తి వైపు కోళ్లఫారాల్లో ఏళ్ల తరబడి గుడ్లు ఏరుతున్న 54 ఏళ్ల ఆవిడ. ఏడాది పైగా పొడిదగ్గు. టీబీ పరీక్షలో ఏమీ లేదన్నారు, ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చారు, తగ్గలేదు. ఇప్పుడు మేడ ఎక్కితే ఆయాసం. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 96 ఉంటుంది, ఆరు నిమిషాలు నడిపిస్తే 87కి దిగుతోంది. వీపు కింది భాగంలో స్టెతస్కోపు పెడితే ఊపిరి తీసిన ప్రతిసారీ చిటపటలు. ఐఎల్‌డీ ఉందేమోనని ఛాతీ డాక్టరు హెచ్‌ఆర్‌సీటీ అనే సన్న ముక్కల సీటీ స్కాన్ రాశారు. గాలి గదులకూ రక్తనాళాలకూ మధ్య ఉండే పల్చటి గోడ వాచిపోయే లేదా మచ్చకట్టి గట్టిపడే జబ్బులన్నిటినీ కలిపి ఐఎల్‌డీ, అంటే ఇంటర్‌స్టీషియల్ లంగ్ డిసీజ్ అంటారు.

ఆవిడ రిపోర్టు సారాంశం ఇది: రెండు ఊపిరితిత్తుల్లోనూ అక్కడక్కడా గ్రౌండ్ గ్లాస్, మధ్య మధ్య నల్లటి మచ్చలు, గాలి వదిలాక కూడా అవి నల్లగానే ఉన్నాయి, కింది భాగాల్లో సన్నటి గీతల వలతో పాటు ట్రాక్షన్ బ్రాంకియెక్టాసిస్, హనీకూంబింగ్ లేదు. ఈ నాలుగు ముక్కల్లో ఆవిడ జబ్బు కథ చాలావరకు ఉంది. అయితే దాన్ని చదవాలంటే ముందు సీటీ దేన్ని కొలుస్తుందో తెలియాలి.

సీటీ చిత్రంలో ప్రతి చుక్కకూ ఒక సాంద్రత అంకె ఉంటుంది. గాలికి మైనస్ 1000, నీటికి సున్నా. ఎక్కువగా గాలే నిండిన మామూలు ఊపిరితిత్తి మైనస్ 850 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి నల్లగా కనిపిస్తుంది. హెచ్‌ఆర్‌సీటీలో ఊపిరితిత్తిని మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటరు మందం ముక్కలుగా చూస్తాం. అంత సన్నటి ముక్కలో కూడా ఒక్కో చుక్క అర మిల్లీమీటరు పైనే ఉంటుంది. గాలి గది వెడల్పు మిల్లీమీటరులో అయిదో వంతు. అంటే ఒక్క చుక్కలో డజన్ల కొద్దీ గాలి గదులు ఇరుక్కుని ఉంటాయి. వాటిలో ఏ ఒక్కదాన్నీ సీటీ చూడలేదు, అన్నిటి సగటునే చూపిస్తుంది.

గ్రౌండ్ గ్లాస్ ఈ సగటులోంచి పుట్టిందే. గదుల్లో కొంచెం నీరు చేరినా, రక్తం చేరినా, వాపు కణాలు చేరినా, గోడలు మందమెక్కినా, చివరికి గదులు సగం ముడుచుకున్నా సగటు పెరిగి ఆ చోటు బూడిద రంగుకు తిరుగుతుంది. కరోనాలో కనిపించింది అదే, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కనిపించేది అదే, ఐఎల్‌డీలో కనిపించేదీ అదే. గాలి తగ్గిందని మాత్రమే ఆ బూడిద రంగు చెబుతుంది. ఎందుకు తగ్గిందో దానంతట అది చెప్పదు.

గ్రౌండ్ గ్లాస్ అనాలంటే ఒక షరతు ఉంది. ధనుర్మాసం పొద్దున్న గోదావరి గట్టు మీద పల్చటి మంచు పడినప్పుడు అవతలి కొబ్బరి చెట్ల మానులు మసకగానైనా కనిపిస్తాయి చూడండి, అలా ఆ బూడిద రంగు వెనక రక్తనాళాల అంచులు ఇంకా కనిపించాలి. అవి పూర్తిగా మునిగిపోతే దాన్ని కన్సాలిడేషన్ అంటాం, అప్పుడు ఆలోచించే జబ్బుల వరస వేరు.

ఆవిడ ఫిల్ములు చూడగానే నాకు వచ్చే మొదటి అనుమానం, ఇది నిజమా అని. వెల్లకిలా పడుకున్నప్పుడు బరువుకు వీపు వైపు గాలి గదులు కొంత నొక్కుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా అక్కడ బూడిద రంగు రావచ్చు. ఐఎల్‌డీ మొదలయ్యే చోటు కూడా చాలాసార్లు అదే కావడం వచ్చిన చిక్కు. అందుకే బోర్లా పడుకోబెట్టి మళ్లీ కొన్ని ముక్కలు తీస్తారు. నొక్కుకున్న గదులైతే తెరుచుకుని ఆ రంగు మాయమవుతుంది, జబ్బైతే అక్కడే ఉంటుంది. చాలామంది దీన్ని రెండోసారి బిల్లు వేయడానికి చేసే పని అనుకుంటారు, కాదు. ఊపిరి పూర్తిగా పీల్చకపోయినా ఇదే మోసం జరుగుతుంది, ఊపిరితిత్తి అంతా తెల్లబడుతుంది. మనిషి నిజంగా పీల్చారా లేదా అన్నది శ్వాసనాళం చూస్తే తెలుస్తుంది. నిండా పీల్చినప్పుడు దాని వెనక గోడ బయటికి గుండ్రంగా ఉంటుంది, వదిలినప్పుడు లోపలికి వంగుతుంది. దగ్గు ఆగని మనిషికి స్కాన్ గదిలో పది సెకన్లు ఊపిరి బిగపట్టడం కష్టమే. అందుకే బల్ల ఎక్కకముందే రెండు మూడుసార్లు ప్రాక్టీసు చేయించే టెక్నీషియన్ దొరికితే సగం పని అయినట్టే.

ఆవిడకు బోర్లా పడుకోబెట్టినా బూడిద రంగు పోలేదు. నిజమేనని తేలింది. ఇప్పుడు రెండో సంగతి, మధ్యలో ఉన్న ఆ నల్లటి మచ్చలు. తెలుపూ నలుపూ పక్కపక్కన ఉన్నప్పుడు కన్ను తెలుపు మీదికే పోతుంది, నల్లగా ఉన్నదే మంచి ఊపిరితిత్తి అనిపిస్తుంది. ఊపిరి పూర్తిగా వదలమని తీసిన చిత్రం ఆ భ్రమ పోగొడుతుంది. గాలి బయటికి పోతే మంచి ఊపిరితిత్తి తెల్లబడాలి. ఆవిడకు కొన్ని చోట్ల అలాగే తెల్లబడింది, ఆ నల్ల మచ్చలు మాత్రం నల్లగానే మిగిలాయి. అక్కడి సన్న గాలి గొట్టాలు వాచి ఇరుకైపోయి, లోపలి గాలి బయటికి పోలేకపోతోందన్నమాట. అంటే గాలి గదుల్లోనూ జబ్బు ఉంది, వాటికి దారితీసే గొట్టాల్లోనూ ఉంది. గ్రౌండ్ గ్లాస్, మామూలు భాగం, గాలి చిక్కుకున్న భాగం, మూడు రకాల రంగులు ఒకే చిత్రంలో పక్కపక్కన కనిపిస్తే అనుమానం బలంగా ఒకవైపుకే పోతుంది. అదే హైపర్‌సెన్సిటివిటీ న్యూమోనైటిస్. పీల్చిన దేనికో ఒంట్లోని రక్షణ వ్యవస్థ పడకపోవడం వల్ల వచ్చే వాపు.

ఆ "దేనికో" ఏమిటన్నది ఫిల్ములో ఉండదు, అడిగి తెలుసుకోవాలి. ఆవిడ విషయంలో కోడి ఈకల దుమ్ము, ఎండిన కోడిపెంట ముందు గుర్తొస్తాయి. తుపాను వానకు తడిసి బూజు పట్టిన గడ్డిమేటు విప్పే రైతుకు అక్కడి సూక్ష్మజీవులే చాలు. పావురాలు గూడు కట్టిన డాబా, తడిగా ఉండి నాచుపట్టిన కూలర్ గడ్డి కూడా కారణమవుతాయి. 2017లో అచ్చయిన మన దేశపు ఐఎల్‌డీ రిజిస్ట్రీలో 1,084 మందిని చూస్తే అందరికన్నా ఎక్కువ, దాదాపు సగం మందికి, ఈ జబ్బే ఉన్నట్టు తేలింది. వాళ్లలోనూ సగానికి దగ్గరగా కూలర్ల వాడకం ఉంది. ఆ లెక్క మీద వాదనలు ఉన్నాయి గానీ, డాక్టరు ఇంట్లో కూలర్ ఉందా, పావురాలున్నాయా అని అడిగితే విసుక్కోకండి. స్కాన్ చెప్పలేని సగం కథ మీ జవాబులోనే ఉంటుంది.

మూడో ముక్క ట్రాక్షన్ బ్రాంకియెక్టాసిస్. మంచి ఊపిరితిత్తిలో గాలి గొట్టాలు అంచు దగ్గరికి వచ్చేసరికి సన్నబడిపోతాయి, చివరి సెంటీమీటరులో సీటీకి కనిపించవు. మచ్చకట్టిన కణజాలం కుంచించుకుపోతూ వాటి గోడలను నాలుగు వైపులా లాగితే అవి వెడల్పై, వంకరలు తిరిగి అంచు దాకా కనిపిస్తాయి. గ్రౌండ్ గ్లాస్‌ను అంచనా వేయడానికి నేను అన్నిటికన్నా నమ్మేది దీన్నే. బూడిద రంగులోంచి వెళ్లే గొట్టం మామూలుగా ఉంటే అక్కడ ఉన్నది వాపే కావచ్చు, తగ్గే అవకాశం ఉంది. గొట్టం లాగినట్టు వంకరగా ఉంటే ఆ బూడిద రంగులో మచ్చ కలిసిపోయి ఉందని అర్థం. సీటీకి విడివిడిగా కనిపించనంత సన్నటి మచ్చ, సగటులో పడి గ్రౌండ్ గ్లాస్‌లా కనిపిస్తుంది. ఆవిడకు పైభాగాల్లో గొట్టాలు బాగున్నాయి, కింద మాత్రం వంకర తిరిగాయి. ఒకే మనిషిలో రెండు దశలూ ఉన్నాయి.

ఆవిడకు లేనిది హనీకూంబింగ్. గాలి గదుల గోడలు పూర్తిగా శిథిలమై, మందమైన గోడలతో ఖాళీ గూళ్లు మిగలడం అది. ఎక్కువగా 3 నుంచి 10 మిల్లీమీటర్లుంటాయి, ఊపిరితిత్తి అంచున, ఒకదాని మీద ఒకటి వరసలుగా పేర్చినట్టు. వీటిని గుర్తుపట్టడం బొమ్మల్లో ఉన్నంత తేలిక కాదు. పొగతాగేవాళ్లకు ఎంఫిసీమా వల్ల అంచున వచ్చే ఖాళీలు ఇలాగే కనిపిస్తాయి, కాకపోతే వాటి గోడ పల్చన, సాధారణంగా ఒకటే వరస, పైభాగంలో ఎక్కువ. వెడల్పైన గాలి గొట్టాలను అడ్డంగా కోసిన చోట కూడా గూళ్లే అనిపిస్తుంది. వరస ముక్కలు పైకీ కిందికీ జరిపి చూసి, అది గొట్టంలా కొనసాగుతోందో లేదో తేల్చుకోవాలి. అయినా అనుభవమున్న ఇద్దరు రేడియాలజిస్టులు ఒకే ఫిల్ము చూసి చెరో మాట చెప్పడం మామూలే. రిపోర్టు ఒక్కటే పట్టుకెళ్లకుండా, సన్న ముక్కలన్నీ ఉన్న సీడీ తీసుకెళ్లమని చెప్పేది ఇందుకే.

ఈ తేడా మందు దగ్గర తేలుతుంది. ఊపిరితిత్తి అడుగు అంచున హనీకూంబింగ్ ఉండి, పైకి పోయేకొద్దీ తగ్గుతూ, వేరే కారణమేదీ దొరక్కపోతే అది చాలావరకు ఐపీఎఫ్, అంటే కారణం తెలియకుండా ఊపిరితిత్తి మచ్చకట్టుకుపోయే జబ్బు. దానికి ఒకప్పుడు స్టెరాయిడ్, అజాథయోప్రిన్, ఎసిటైల్ సిస్టీన్ కలిపి ఇచ్చేవారు. 2012లో ఫలితాలు వెలువడిన పాంథర్ అనే మందుల పరీక్షలో ఆ మూడూ వాడినవారిలోనే చావులూ ఆసుపత్రి చేరికలూ ఎక్కువని తేలి, ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఇప్పుడు వాడే నింటెడానిబ్, పిర్ఫెనిడోన్ మచ్చ పెరిగే వేగాన్ని తగ్గిస్తాయి, ఉన్న గూళ్లను మాత్రం పూడ్చలేవు. "పక్కింటాయనకు స్టెరాయిడ్‌తో తగ్గింది" అని అదే చీటీ పట్టుకెళ్లి మందుల షాపులో కొనుక్కోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఆవిడకు రక్తంలో కీళ్లవాత జబ్బుల పరీక్షలు చేసి, అవి లేవని చూసుకున్నాక, కోళ్లఫారం మానిపించి స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఆరు నెలల తర్వాతి స్కాన్‌లో పైభాగాల బూడిద రంగు చాలావరకు పోయింది. గాలి చిక్కుకున్న నల్ల మచ్చలు తగ్గాయి. కింద వంకర తిరిగిన గొట్టాలు అలాగే ఉన్నాయి. అవి మారతాయని ముందే ఎవరూ ఆశ పెట్టలేదు. ఆ భాగం ఇంకా పెరుగుతోందా అన్నది ఊదుడు పరీక్షలో ఎఫ్‌వీసీ, అంటే నిండా పీల్చి గట్టిగా ఊదిన మొత్తం గాలి ఎంతో చూస్తూ గమనించాలి, అది పడిపోతూ ఉంటే నింటెడానిబ్ గురించి ఆలోచించాలి. పాత స్కాన్‌తో కొత్తదాన్ని పోల్చేటప్పుడు నేను మొదట చూసేది మళ్లీ శ్వాసనాళం వెనక గోడనే. రెండుసార్లూ ఒకేలా నిండా పీల్చి ఉండకపోతే, పెరిగిందన్నా తగ్గిందన్నా ఆ మాటకు విలువ లేదు.