సీరం రాస్తే ముఖం ఎందుకు బిగుసుకుంది? గ్లిజరిన్, హైలురోనిక్, సెరమైడ్ల వెనుక కథ

మొన్న జనవరిలో దేవరకొండలో మా అక్క వాళ్ళింటికి పోయినప్పుడు అక్క చెయ్యి చాపి గోరుతో గీసి చూపించింది, సున్నంతో గీసినట్టు తెల్లటి గీత పడింది. బోరు నీళ్ళు, బోళ్ళు తోమే సబ్బు, పైన పొడి గాలి, ఆ చెయ్యి అట్లా కాక ఎట్లా ఉంటది. ముఖానికేమో ఖరీదైన హైలురోనిక్ యాసిడ్ సీరం కొన్నది, రాసిన పది నిమిషాలకే చర్మం బిగుసుకుపోతోందని బాధపడింది. సీరం నకిలీదేమోనని అక్క అనుమానం. నకిలీది కాదు, రాసిన కాలమూ రాసిన తీరూ సరిపడలేదు. గ్లిజరిన్, హైలురోనిక్ యాసిడ్, సెరమైడ్లు, చర్మం పొడిబారకుండా రాసుకునే వాటిలో ఉండే ఈ మూడు పదార్థాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

అన్నిటికంటే పాతది గ్లిజరిన్. 1779లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే ఆలివ్ నూనెను సీసపు భస్మంతో కాస్తే తియ్యటి జిగురు ద్రవం మిగిలింది. ఆ తర్వాత ఫ్రాన్సులో షెవ్రల్, గ్రీకులో తీపి అనే మాట మీదుగా దానికి పేరు పెట్టాడు. నూనెతో సబ్బు చేసినప్పుడల్లా ఇది పక్కన తయారవుతుంది, పెద్ద ఫ్యాక్టరీలు దాన్ని వేరు చేసి అమ్ముకుంటాయి, అందుకే ఇంత చవక. చవక గనక పనికిరాదనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. దీని అణువు చాలా చిన్నది, చర్మం పై పొరలోకి ఇంకి అక్కడే నీటిని పట్టుకుని కూర్చుంటుంది. మన చర్మం కూడా తనంతట తాను దీన్ని తయారు చేసుకుంటుంది. చర్మ కణాల్లోకి గ్లిజరిన్‌ను చేరవేసే ప్రొటీన్ లేని ఎలుకలకు చర్మం ఎండిపోతే, గ్లిజరిన్ ఇవ్వగానే బాగుపడిందని 2003లో తేలింది.

హైలురోనిక్ యాసిడ్ కథ వేరు. 1934లో అమెరికాలో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిలోని గాజులాంటి జిగురు నుంచి దీన్ని తీశారు, పేరులో ఉన్నదీ గాజు అనే గ్రీకు మాటే. తర్వాత చాలా కాలం కోడిపుంజు తల మీది ఎర్రటి జుట్టు నుంచి తీసేవారు, ఇప్పుడు ఎక్కువగా బ్యాక్టీరియాతో పులియబెట్టి చేస్తున్నారు. మామూలుగా దీని అణువు చాలా పొడుగు, లోపలికి పోలేక చర్మం మీదనే పల్చటి పొరలా పరుచుకుంటుంది. ఆ పొరలో నీళ్ళున్నంతసేపు ముఖం నిగనిగలాడుతుంది. జనవరి పొడి గాలికి, పైన తిరిగే ఫ్యానుకు ఆ నీళ్ళు ఎగిరిపోతే పొర ఎండి బిగుస్తుంది. అక్కకు జరిగింది ఇదే, పైగా ముఖం తుడిచి పొడిగా చేసుకున్నాక రాసింది, పైన క్రీమేమీ పెట్టలేదు.

సెరమైడ్లు నీటిని లాగేవి కావు. 1980లలో అమెరికా చర్మ వైద్యుడు పీటర్ ఎలయస్ చర్మం పై పొరను ఇటుకల గోడతో పోల్చి చెప్పారు: కణాలు ఇటుకలు, వాటి మధ్య కొవ్వు సున్నం. ఆ కొవ్వులో బరువు ప్రకారం సుమారు సగం సెరమైడ్లే, మిగిలినది ముఖ్యంగా కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. ఎగ్జిమా ఉన్నవాళ్ళ చర్మంలో సెరమైడ్లు తక్కువని 1991లో జపాన్ పరిశోధకులు చూపించారు. ఏ క్రీమ్ రాసినా చురుక్కుమని మండుతుంటే, మోచేతి మడతల్లో ఎర్రగా దురదగా ఉంటే గోడ బీటలు వారిందని అర్థం. సెరమైడ్ క్రీమ్ అక్కరకొచ్చేది అక్కడ. వాసన కలపనిది తీసుకోవాలి, లేబుల్ మీద కొలెస్ట్రాల్ కూడా ఉంటే మరీ మంచిది. గోడ బాగుపడటానికి వారాలు పడుతుంది, రెండు రోజులు రాసి ఆపేస్తే లాభం లేదు. ఎగ్జిమాకు డాక్టర్ రాసిచ్చిన ఆయింట్‌మెంట్ బదులు మాత్రం దీన్ని వాడకూడదు.

అక్క చేతుల సంగతికి వస్తే, మండటం లేదు, దురద లేదు, వట్టి పొడిబారడమే. దానికి గ్లిజరిన్ చాలు. మెడికల్ షాపులో దొరికే సీసా నుంచి నేరుగా రాస్తే జిగట జిగటగా ఉండి చిరాకు పుడుతుంది. ఒక చెంచాకు తొమ్మిది చెంచాల కాచి చల్లార్చిన నీళ్ళు కలిపితే సుమారు పది శాతం అవుతుంది. నీళ్ళు కలిపాక నిల్వ ఉండదు, రెండు రోజులకు సరిపడా మాత్రమే, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. బోళ్ళు తోమిన వెంటనే చేతులు తడిగా ఉండగానే అది రాసి, పైన కొంచెం వాజిలిన్ పూస్తే తేమ ఎగిరిపోదు. ఈ వాజిలిన్ పొర మన చలికాలంలో తప్పనిసరి, చాలామంది వదిలేసేది కూడా ఇదే.

సీరం పారేయొద్దని చెప్పాను. వానలు పడి గాలిలో చెమ్మ పెరిగాక, తడి ముఖానికి రెండు చుక్కలు రాసి పైన పల్చటి క్రీమ్ పెట్టుకుంటే జిడ్డు లేకుండా బాగుంటుంది, అప్పటిదాకా మూత బిగించి పక్కన పెట్టమన్నాను.